కుర్చీని ‘కురీచ’ అని చదివిన పిల్లాడు: నా పాత శిష్యురాలికి ఒక ఉత్తరం

చిరంజీవి తల్లికి ఆశీస్సులు.

ఫోన్ చేస్తే సరిపోయేదానికి మాస్టారు ఇంత ఉత్తరం ఎందుకు రాశారా అనుకుంటావేమో. ఇది ఫోన్లో తేలే సంగతి కాదమ్మా. నువ్వు తీరిగ్గా చదవాలి, పక్కన పెట్టి మళ్లీ చదవాలి, నచ్చనిచోట నచ్చలేదని రాయాలి. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

విషయం మొదటే చెప్పేస్తాను. మనిద్దరం కలిసి సాయంత్రం పూట ఒక చదువుల గది నడుపుదామని నా కోరిక. ట్యూషన్ కాదు, హోంవర్కు చేయించే చోటు అంతకన్నా కాదు. మూడు నుంచి ఏడో తరగతి దాకా ఏ తరగతిలో ఉన్నా సరే, ఎప్పుడూ చూడని ఒక తెలుగు పేరా చేతికిస్తే చదవలేని పిల్లలు ఉన్నారు. వాళ్లకు చదవడం నేర్పే గది. ఆ ఒక్క పనే. లెక్కలు, ఇంగ్లిష్ కూడా కలుపుదామని నాకు తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. నాకు ఇష్టం లేదు. చదవడం రాని పిల్లాడికి లెక్కల పుస్తకంలో ప్రశ్న కూడా అర్థం కాదు. ముందు ఇది కుదిరితే మిగతావాటికి దారి దొరుకుతుంది.

ఇన్ని వందల మంది శిష్యులుండగా నిన్నే ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మీ నాలుగో తరగతి దగ్గరికి వెళ్లాలి.

మీ వరసలో గోడవైపు చివర కూర్చునే అబ్బాయి గుర్తున్నాడా? పేరు రాయను, ఇప్పుడు వాడే ఇద్దరు పిల్లల తండ్రి. పాఠం చదవమంటే గడగడా అప్పగించేవాడు. గొంతు కూడా బావుండేది, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేవాడు. ఒకరోజు వాడు చదువుతుండగా నువ్వు నా బల్ల దగ్గరికి వచ్చి, చాలా మెల్లగా, “మాస్టారూ, వాడి వేలు వేరే లైన్లో ఉంది” అన్నావు. నోటికి వచ్చిన పాఠాన్ని వాడు అప్పజెబుతున్నాడు, వేలు మాత్రం మర్యాదకి పుస్తకం మీద నడుస్తోంది.

మర్నాడు నువ్వు చేసిన పని ఇంకా బాగా గుర్తుంది. అదే పాఠంలోని మాటల్ని చిన్న చిన్న కాగితం ముక్కల మీద రాసుకొచ్చి, కలిపేసి, వాడి ముందు పరిచావు. ఎవరూ చెప్పలేదు నీకు. పాఠం వరసలో ఉంటే వాడికి అన్నీ వచ్చు, వరస తప్పితే ఒక్కటీ రాదు. వాడి పేరులో ఉన్న అక్షరాలు, ఇంకో నాలుగైదు తేలిక మాటలు తప్ప మిగతావి ఆగిపోయాయి. ‘కుర్చీ’ ముక్క దగ్గర వాడు చాలాసేపు చూసి ‘కురీచ’ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నువ్వు నవ్వలేదు. “వాడికి కనిపించినట్టే చదివాడు కదా మాస్టారూ” అన్నావు.

ఆ తర్వాత ఎన్నో ట్రైనింగులకు వెళ్లాను, ఎన్నో మాడ్యూల్స్ చదివాను. తెలుగు చదవడంలో పిల్లలకు ఎక్కడ ముడి పడుతుందో అంత సూటిగా చెప్పిన మాట ఇంకెక్కడా వినలేదు. ‘ర్చీ’ని ఒక్కసారి కొత్త కళ్లతో చూడు. పైన ర, దాని నెత్తిన గుడిదీర్ఘం, కింద చ వత్తు. కళ్లు పైనుంచి కిందికి వస్తే ముందు ‘రీ’ కనిపిస్తుంది, తర్వాత ‘చ’. పలకడం మాత్రం అలా కాదు. నెత్తిన ఉన్న గుడిదీర్ఘం పైనున్న ర కోసం కాదు, కిందున్న చ కోసం. ముందు ర్, తర్వాత చీ. అంటే అచ్చు గుర్తు కనిపించేది ఒకచోట, వినిపించేది ఇంకోచోట. ‘చెట్టు’ని ‘చెటుట’ అనే పిల్లలు, ‘రాత్రి’ని ‘రాతిర’ అనే పిల్లలు, ‘బుద్ధి’ దగ్గర ‘బుదిధ’ అని ఆగిపోయే పిల్లలు అందరూ ఇదే ముడి దగ్గర ఉన్నారు. మనం వాళ్లను మొద్దులంటాం. వాళ్లేమో ఉన్నదాన్ని ఉన్నట్టు నిజాయితీగా చదువుతున్నారు.

వత్తులు ఒకటే కాదు, అంతకుముందు ఇంకో ముడి ఉంది. గుణింతం. క కా కి కీ అని పాటలా ఏ పిల్లాడైనా చెప్తాడు. అదే పిల్లాడికి ‘కె’ ఒక్కటే రాసి చూపించు. కొందరు పెదవులు కదుపుతూ క నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ అక్కడిదాకా వస్తారు. ఒక్కో అక్షరానికీ అంత దూరం నడిచి వస్తే, మాట చివరికి చేరేసరికి మొదటి అక్షరం మర్చిపోతారు. వాక్యం సంగతి చెప్పక్కర్లేదు. గుణింతం పాటగా రావడం మంచిదే, కాదనను. కానీ పాట వచ్చినంత మాత్రాన గుర్తు వచ్చినట్టు కాదని తరగతి గదిలో తేల్చుకునే తీరిక టీచరుకి దొరకదు. నలభై మంది ఒకేసారి అరుస్తుంటే పదిమంది పెదవులు మాత్రమే కదుపుతున్న సంగతి ఎలా తెలుస్తుంది?

అందుకే మన గదిలో పిల్లల్ని తరగతిని బట్టి కూర్చోబెట్టొద్దు, ఎంతవరకు చదవగలరో దాన్ని బట్టి కూర్చోబెడదాం. ఇది నా సొంత ఆలోచన కాదు. 2005 నుంచి మన దేశంలో గ్రామాలకు వెళ్లి, ఇళ్ల దగ్గరే పిల్లల చదువు చూసే ‘అసర్’ సర్వే గురించి నువ్వు వినే ఉంటావు. వాళ్ల పరీక్ష ఒక్క కాగితం. అందులో కొన్ని అక్షరాలు, కొన్ని మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. నాకు అందులో బాగా నచ్చింది, అక్షరాలతో మొదలుపెట్టకపోవడం. ముందు పేరా ఇస్తారు. బాగా చదివితే కథ. పేరా రాకపోతే మాటలు, అవీ రాకపోతే అక్షరాలు. ఐదు మాటల్లో నాలుగు చదివితే మాటలు వచ్చినట్టే. పన్నెండేళ్ల పిల్లని పిలిచి మొదటే ‘ఇది ఏ అక్షరం’ అని అడిగితే ఆ పిల్ల మర్నాడు రాదు. పేరా ఇచ్చి, అక్కడినుంచి కిందికి దిగితే అవమానం అనిపించదు.

ఆ కాగితానికి మన తెలుగు కోసం ఒక చిన్న మెట్టు కలపాలని నా అభిప్రాయం. మాటల మెట్టుని రెండుగా విడదీయాలి. వత్తులు లేని మాటలు వేరు, వత్తులున్న మాటలు వేరు. ‘మేక, గాలి, కోడి, పూలు’ చదివేసి ‘చెట్టు’ దగ్గర ఆగిపోయే పిల్లలు చాలామంది. వాళ్లకు మళ్లీ అ ఆ ఇ ఈ నుంచి మొదలుపెడితే విసుగొచ్చి వెళ్లిపోతారు. వాళ్లకు కావాల్సింది ఒక్క మెట్టే. ఇంకో సంగతి, నువ్వు చిన్నప్పుడు కనిపెట్టిందే. పిల్లాడికి చూపించే మాటల్లో ఒకటో రెండో అర్థం లేనివి కలపాలి. ‘గాలి’ని తిరగేసి ‘లిగా’ అని రాస్తే చాలు. గుర్తు పట్టి చదివే పిల్లాడు ‘లిగా’ అని చదివేసి, ఇదేం మాట అన్నట్టు మన మొహం చూస్తాడు. ఊహించి చదివేవాడు ‘గాలి’ అనేస్తాడు. ఆ ఒక్క మాటతో తేలిపోతుంది.

ఈమధ్య నా దగ్గరికి ఒక అమ్మాయి వస్తోంది. ఐదో తరగతి. ఆ పిల్లతో ఏం చేశానో వివరంగా రాస్తాను, ఎందుకంటే మన గదిలో కూర్చునే మిగతావాళ్లకు కూడా ఇదే చూపించాలని నా ఉద్దేశం, ఇందులో లోపాలుంటే నువ్వు పట్టుకోవాలి.

పేరా ఇచ్చాను. మొదటి మాటలు బాగానే చదివింది, వత్తున్న ప్రతిచోటా ఆగింది. కొన్నిచోట్ల వత్తుని వదిలేసి చదివింది, ‘అమ్మ’ని ‘అమ’ అన్నట్టు. కొన్నిచోట్ల కింద ఉన్నదాన్ని విడిగా చివర్లో పలికింది, మన కుర్చీ అబ్బాయిలాగే. ‘పైన’ అనే మాట దగ్గర ఐత్వం కింది ముక్కను కూడా వత్తే అనుకుని తడబడింది. అక్షరాలన్నీ వచ్చు. గుణింతం వచ్చు. ఉన్న ఇబ్బందల్లా ఆ కింద వేలాడేవాటితోనే.

మొదట గుర్తులేమీ లేని జంట అక్షరాలతో మొదలుపెట్టాను. అక్క, అన్న, అమ్మ, అత్త. ఇంట్లో రోజూ పిలిచే మాటలు కాబట్టి నోటికి ముందే తెలుసు, కంటికే కొత్త. ‘అక’ అని రాసి చదివించాను, కింద క వత్తు చేర్చి మళ్లీ చదివించాను. నోరు ఎక్కడ ఒత్తి పలుకుతోందో తనకే తెలిసింది. అక్కడో చిక్కుంది. చాలా వత్తులు అసలు అక్షరంలాగే ఉంటాయి, తలకట్టు తీసి చిన్నగా కింద రాసినట్టు. త, న, మ, య, ర, ల మాత్రం అలా కాదు, వాటి వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. పైగా మన మాటల్లో ఎక్కువగా వచ్చేవి అవే. అన్న, అమ్మ, అత్త, అయ్య, తల్లి, రాత్రి. ఎన్ని ఉన్నాయో చూడు. క, గ, చ, డ వత్తులు చూసి పోలిక పట్టుకున్న పిల్ల వీటి దగ్గర ఆగుతుంది. ఆ ఆరింటినీ ఆరు కార్డుల మీద రాసి, ముందు అక్షరం, వెనుక దాని వత్తు పెట్టి, కొన్నాళ్లు ఆటలా తిప్పాం. ఇవి బట్టీ పట్టాల్సినవే. వేరే దారి నాకు తెలియదు.

తర్వాత అసలు ముడి. ‘చెట్టు’. ఒక చిన్న కాగితం ముక్కతో వత్తుని మూసేసి పైది చదవమన్నాను. ‘చెటు’ అంది. ఇప్పుడు కాగితాన్ని ‘ట’ పక్కన ఉన్న కొమ్ము మీద పెట్టి, “దీన్ని కాసేపు దాచుకుందాం, ఇది కింద ఉన్నవాడిది” అన్నాను. మిగిలిన ట ని సగం పలకమన్నాను, ‘ట్’. కాగితం తీసి, కొమ్ము మీద వేలు పెట్టి, అక్కడి నుంచి వేలు కిందికి లాగి వత్తు మీద ఆపాను. ‘టు’. కలిపితే ‘చెట్టు’. వేలు పైనుంచి కిందికి జారడం ముఖ్యం. నేను లాగడం కాదు, తన వేలే తను లాగాలి. ఇలా చెట్టు, పువ్వు, గుడ్డు, ముద్ద, బుగ్గలు, తర్వాత ‘పెద్ద’ లాంటివి. ఒకే అక్షరం జంటగా వచ్చే మాటలన్నీ కుదిరేదాకా వేరే వత్తుల జోలికి పోలేదు.

జంటలు వచ్చాక వేరువేరు అక్షరాలు కలిసినవి. కుర్చీ, రాత్రి, పుస్తకం, సూర్యుడు. ఇక్కడ పని తేలికైంది, ఎందుకంటే పైగుర్తు కిందివాడిదన్న సూత్రం చేతికి వచ్చేసింది. ‘స్త్రీ’ లాంటి రెండు వత్తుల మాటల్ని చాలా ఆలస్యంగా చూపించాను. అలాంటివి తక్కువ. వాటికోసం తొందరపడి ఉన్న ధైర్యం పోగొట్టడం నాకు ఇష్టం లేదు.

ప్రతి రోజూ చివర్లో చెప్పి రాయించాను. చూసి రాయించడం కాదు. చూసి రాయడంలో పిల్లలు ఎంత అందంగా రాస్తారంటే, చదవడం రాదని ఎవరూ నమ్మరు. బొమ్మ గీసినట్టు గీస్తారు. అదే నువ్వు ‘పుస్తకం’ అని పలికి రాయమంటే, ఏది పైన పెట్టాలి, ఏది కింద పెట్టాలి అని పిల్ల ఆలోచించాల్సి వస్తుంది. ‘పుసత్కం’ అని రాసిందనుకో, ఏ రెండింటిని కలపాలో చెవికి ఇంకా తెలియలేదని అర్థం. అప్పుడు కార్డులు కాదు, నోటితో విడగొట్టి పలికించాలి. పుస్, తకం. తప్పు ఎక్కడుందో రాతలో దొరికినంత తేటగా చదివేటప్పుడు దొరకదు.

ఇప్పుడు ఆ పిల్ల కొత్త పేరా చదువుతోంది. నెమ్మదిగానే. కానీ వత్తు దగ్గర ఆగినప్పుడు నా మొహం చూడటం మానేసి, వేలు కిందికి జారుస్తోంది.

ఈ మొహం చూడటం గురించి నీకు ప్రత్యేకంగా రాయాలి. మన గదిలో పిల్లల పక్కన కూర్చునేది నేను, నువ్వు మాత్రమే కాదు. కాలేజీ పిల్లలు, చదువుకున్న తల్లులు, రిటైరైన నాలాంటివాళ్లు వస్తారు. అందరూ మంచివాళ్లే, అందరూ సాయం చేద్దామనే వస్తారు. అక్కడే చిక్కు. పిల్లాడు మాట దగ్గర ఆగగానే పక్కనున్న పెద్దమనిషి ఆ మాట చెప్పేస్తాడు. నాలుగుసార్లు అలా జరిగితే పిల్లాడు అక్షరం చూడటం మానేస్తాడు. ఆగి, తలెత్తి, పెద్దవాళ్ల పెదవులవైపు చూస్తాడు. కూర్చున్న వాళ్లకు మాత్రం పిల్లాడు బాగా ముందుకెళ్తున్నట్టే అనిపిస్తుంది, పేజీ అయిపోతోంది కదా! కాబట్టి వచ్చేవాళ్లకు నేను నేర్పాలనుకునే మొదటి సంగతి మౌనం. పిల్లాడు ఆగితే మనసులో మెల్లగా ఐదు అంకెలు లెక్కపెట్టాలి. అప్పటికీ రాకపోతే మాట చెప్పకూడదు, వత్తు మీద కాగితం ముక్క పెట్టాలి, లేదా మొదటి అక్షరం చూపించాలి. ఎవరు నేర్పుతున్నారు, ఎవరు చదివి పెడుతున్నారు అన్నది తెలుసుకోవాలంటే పిల్లాడి కళ్లు ఎక్కడున్నాయో చూస్తే చాలు.

గంటసేపు ఎలా నడపాలన్నది నా మనసులో ఉన్నది ఇది. ముందు ఒకరు ఒక కథ పైకి చదివి వినిపిస్తారు, పిల్లలందరూ కలిసి వింటారు. ఇందులో ఎవరికీ పరీక్ష లేదు. తర్వాత మెట్టు ప్రకారం గుంపులుగా విడిపోతారు, ఒక పెద్దవాళ్ల దగ్గర ఐదారుగురికి మించకుండా. మాటలు, కార్డులు, చెప్పి రాయించడం అక్కడ జరుగుతాయి. చివరి పావుగంట ప్రతి పిల్లా ఒంటరిగా, ఒక పెద్దవాళ్ల పక్కన కూర్చుని, ఆ రోజుకి తనదైన నాలుగు వాక్యాలు చదవాలి. ఈ చివరిది ఎంత టైం తక్కువైనా వదలకూడదు. కోరస్‌గా చదివిస్తే గది నిండుగా, సంబరంగా ఉంటుంది, ఎవరికి రాదో మాత్రం తెలియదు.

అసలు అక్షరాలే రాని గుంపుకి వర్ణమాల మొత్తం వరసగా నేర్పించాలని నేను అనుకోవడం లేదు. ల, క, త, ప, వ, మ, న, ర. ఈ ఎనిమిది అక్షరాలతో, వేరే గుర్తు ఒక్కటీ లేకుండా, పలక, తల, వల, కల, మరక, నలక, కమల, మన, తమ చదవొచ్చు. దీర్ఘం ఒక్కటి కలిపితే తాత, మామ, పాప, వాన, మాల, పాత వచ్చేస్తాయి. అప్పుడే ‘తాత పలక’, ‘మామ మాల’ అని రెండేసి మాటలు. మొదటి వారంలోనే పిల్లాడు అర్థమున్న మాట సొంతంగా చదివితే రెండో వారం వస్తాడు. మ, య ఒకేసారి చూపించకూడదు, న, స కూడా. ఒకదానికొకటి పోలినవాటి మధ్య కొంత ఎడం ఉండాలి. ఇది నీకు తెలిసిందే, ఎక్కువ రాయను.

మన గదికి వచ్చేవాళ్లలాగా ట్రైనింగ్ లేనివాళ్లు ఇలాంటి పని చేస్తే నిజంగా ఫలితం ఉంటుందా అన్న అనుమానం నీకు వస్తుంది, రావాలి కూడా. ముంబయి, వడోదర బడుల్లో ‘బాలసఖి’ పేరుతో ప్రథమ్ సంస్థ ఒక పని చేసింది. ఆ చుట్టుపక్కల ఉండే యువతులనే తీసుకుని, మూడు నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని రోజుకి రెండు గంటలు చిన్న గుంపుగా విడిగా కూర్చోబెట్టి ప్రాథమిక చదువు నేర్పించారు. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో తమ తోటి పరిశోధకులతో కలిసి దాన్ని లెక్కగట్టి చూసి 2007లో ప్రచురించారు. పిల్లలు బాగా మెరుగయ్యారు. నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం దాని తర్వాతి సంగతి. ఆ కార్యక్రమం ఆగిపోయిన ఏడాదికి చూస్తే, మెరుగుదలలో కొంత మిగిలింది, ఎక్కువ భాగం కరిగిపోయింది.

ఉత్తర ప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఇంకో ప్రయత్నం జరిగింది. గ్రామాల్లో వాలంటీర్లు చదువు శిబిరాలు పెట్టారు. వచ్చిన పిల్లలు చదవడం నేర్చుకున్నారు. కానీ చదవడం రాని పిల్లల్లో శిబిరానికి వచ్చినవాళ్లు చాలా కొద్దిమందే.

చూశావా అమ్మా, నేర్పడం ఎలా అన్నదానికి నా దగ్గర జవాబు ఉంది. ఒక జీవితకాలం అదే పని చేశాను, ఆ ధైర్యం నాకుంది. కానీ అసలు రావాల్సిన పిల్లలు రావడం ఎలా, వచ్చి నేర్చుకున్నది నిలవడం ఎలా అన్నవాటికి నా దగ్గర ఉన్నవి పాత జవాబులే. నీ దగ్గర నుంచి కొత్త ఆలోచనలు కావాలి. నువ్వు ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సులకు పని నేర్పుతున్నావు. తెలియదని ఒప్పుకోవడానికి భయపడే పెద్దవాళ్లకు పని నేర్పడం నీకు రోజూ ఉండేదే. అది నేను ఎప్పుడూ చేయలేదు.

మొదటిది, పెద్ద పిల్లల సిగ్గు. ఆరో తరగతి పిల్లాడు తమ్ముడి వయసు వాళ్ల పక్కన కూర్చుని ‘తల, వల’ చదవాలంటే రాడు. వాళ్లకు వేరే టైం పెడదామా? వేరే గదా? లేక వాళ్లను చిన్నపిల్లలకు కథ చదివి వినిపించేవాళ్లుగా పెట్టి, ఆ కథ కోసం ముందుగా మన దగ్గర చదవడం ప్రాక్టీసు చేయిస్తే? ఈ మూడోది నాకు బాగా అనిపిస్తోంది. నేర్చుకోవడానికి వస్తున్నామనిపించదు, పని మీద వస్తున్నామనిపిస్తుంది. ఇద్దరికీ లాభం. కాకపోతే ఆ కథ తప్పుగా చదివి చిన్నవాళ్ల ముందు నవ్వులపాలైతే ఇంకెప్పటికీ రాడు. అది జరగకుండా ఎలా చూడాలో ఆలోచించు.

రెండోది, చదవడానికి ఏం ఇవ్వాలి. వత్తులు లేకుండా, పన్నెండేళ్ల వాడికి సరిపోయే సంగతి మీద రాసిన పుస్తకాలు నాకు దొరకడం లేదు. తేలిక భాషలో ఉన్నవన్నీ కుందేలు, సింహం కథలే. క్రికెట్ గురించి, మోటారు రిపేరు గురించి, పాము కరిస్తే ఏం చేయాలి అన్నదాని గురించి అర పేజీ కావాలి. మొదటి మెట్టుకి వత్తులు లేకుండా, రెండో మెట్టుకి జంట వత్తులు మాత్రమే ఉండేలా, మూడోదానికి అన్నీ కలిపి. ఒకే సంగతిని మూడు మెట్లలో రాయాలి. నేను కూర్చుని రాస్తాను. ఒంటి గురించి, జబ్బుల గురించి, గాయం తగిలితే ఏం చేయాలన్నదాని గురించి సంగతులు నువ్వు ఇవ్వాలి. వత్తులు లేకుండా తెలుగులో జ్వరం గురించి రాయడం ఎంత కష్టమో చూడు, ఆ మాటలోనే వత్తు ఉంది! అయినా రాద్దాం. ‘ఒళ్లు’ కూడా పనికిరాదు, ‘నుదురు వేడిగా ఉంది’ అనాలి.

మూడోది, మెట్టు ఎక్కిన పిల్లని వదిలేయకపోవడం. కథ చదవగలిగిన రోజున మన పని అయిపోయిందనుకుంటే ఆ మెరుగుదల కరిగిపోతుందని పైన చెప్పాను కదా. ఆ పిల్ల వారానికి ఒకసారైనా ఏదో ఒకటి సొంతంగా, తనకి కావాలనిపించి చదవాలి. పుస్తకాల పెట్టె పెడితే సరిపోతుందని చాలామంది అంటారు. పెట్టె పెట్టినచోట నేను చూసింది, బాగా చదివే పిల్లలే పుస్తకాలు తీసుకోవడం. కొత్తగా చదవడం వచ్చినవాళ్లు దగ్గరికే రారు. మీ ఆసుపత్రిలో డిశ్చార్జ్ అయిన పేషెంటు మళ్లీ వచ్చి చూపించుకోవాలని ఒక తేదీ రాసిస్తారు కదా. అలాంటిది మన పిల్లలకు ఎలా పెట్టాలి? ఎన్నాళ్లకోసారి పిలవాలి? రాకపోతే ఎవరు వెళ్లి అడగాలి? ఇక్కడ నా బుర్ర పనిచేయడం లేదు. నువ్వే దారి చెప్పాలి.

రాత పని ఒకటి ఉంది. ఒక్కో పిల్లకి ఒక్క కాగితం చాలు. ఏ మెట్టులో చేరింది, ఏ మాట దగ్గర ఎలా తప్పు చదివింది, ఆ తప్పు చదివిన మాటను ఉన్నది ఉన్నట్టు రాయాలి. ‘వత్తులు రావు’ అని రాస్తే మర్నాడు కూర్చునే వేరే మనిషికి ఏమీ తెలియదు. ‘కుర్చీని కురీచ అన్నాడు’ అని రాస్తే ఏం చేయాలో వెంటనే తెలుస్తుంది. మీ డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకి అప్పజెప్పే పద్ధతి ఎలా ఉంటుందో నాకు రాయి. అదే ఇక్కడ వాడదాం. వచ్చేవాళ్లు రోజూ ఒకరే ఉండరు కాబట్టి, ఈ కాగితం సరిగ్గా లేకపోతే పిల్ల రోజూ మొదటి మెట్టు దగ్గరే తిరుగుతుంది.

నీ డ్యూటీలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. రోజూ రమ్మని అడగను. వచ్చే వాలంటీర్లకు నేర్పే బాధ్యత, ఆ కాగితాలు చూసే బాధ్యత నీది, పిల్లలతో కూర్చోవడం నాది. నీకు కుదిరిన రోజు వచ్చి కూర్చుంటే అది వేరే సంతోషం. వేసవి సెలవుల్లో మొదలుపెడదామని ఉంది, బడి తెరిచేలోపు కనీసం వత్తుల గుంపునైనా ఒక దారికి తీసుకురావచ్చు. అక్షరాలు రాని వాళ్లకు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది, వాళ్ల తల్లిదండ్రులకు ఆ మాట మొదటి రోజే చెప్పేద్దాం.

జవాబులో ముందు నీకు నచ్చనివి రాయి. గురువుగారని మొహమాటపడకు. నా వేలు వేరే లైన్లో ఉంటే నువ్వే చెప్పాలి. దాంతోపాటు, పన్నెండేళ్ల పిల్లాడు వదలకుండా చదివే సంగతులు నీకు తోచినవి ఒక పది రాసి పంపు. మొదటి అర పేజీలు వాటితోనే మొదలుపెడతాను.

ఆశీస్సులతో,
మీ తెలుగు మాస్టారు